లీటరు 290: మరీ చవకా, లేక అనుమానమా?

కదిరి గానుగ (మారతహళ్లి): మా బావ కదిరి నుంచి పల్లీలు పంపిస్తాడు. గానుగ ఆడించి ఆ నూనె అపార్ట్‌మెంట్లలో లీటరు 290కి అమ్ముతున్నా. చుట్టుపక్కల 380 పైనే. అడిగేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. ఊరికే తక్కువ పెట్టానా, లేక ధర చూసి కల్తీ అనుకుంటున్నారా?

శ్రీను_హెబ్బాళ్: 390 చేసెయ్ బ్రదర్. బెంగళూరులో రేటుంటేనే విలువ.

పద్మ వైట్‌ఫీల్డ్: నేను లెక్క వేసుకునే కొంటానండీ. లీటరు నూనెకి రెండున్నర కిలోల గింజలు కావాలి. కిలో 130 అనుకున్నా 325. మీరు 290 అంటే పామాయిల్ కలిపారనే అనిపిస్తుంది. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుందని ఎంతమందికి తెలుసు?

రవి_ట్యూషన్స్: నాదీ ఇదే కథ. ట్యూషన్ ఫీజు 800 అంటే ఎవరూ రాలేదు, 1500 చేశాక వచ్చారు.

లెక్కల మాస్టారు: రవి గారూ, ట్యూషన్ ఎలాంటిదో పరీక్షలయ్యాక గానీ తెలీదు, అందుకే అక్కడ ఫీజే సర్టిఫికెట్. నూనె అలా కాదు.

గానుగ గారూ, ముందు పాత కస్టమర్లనీ కొత్తవాళ్లనీ విడిగా రాయండి. నూనె వాడినవాళ్లకి ధర కొత్తగా చెప్పేదేమీ లేదు. వాళ్లు మళ్లీ మళ్లీ కొంటూ, కొత్తవాళ్లు మాత్రం "ప్యూరేనా?" అని అడిగి వెళ్లిపోతుంటే అది అనుమానం. కొత్తవాళ్లు కూడా ప్రశ్నల్లేకుండా కొని, సరుకు ముందే అయిపోతుంటే ఊరికే చవక. పాతవాళ్లే తిరిగి రాకపోతే గొడవ ధరది కాదు, నూనెది.

తర్వాత ఒక అపార్ట్‌మెంట్‌లో 290 అలాగే ఉంచి, ఎందుకు తక్కువో బోర్డు పెట్టండి: సొంతవాళ్ల పల్లీలు, చెక్క వేరే అమ్ముతాం. అమ్మకాలు పెరిగితే అనుమానమే అడ్డం. ఇంకోచోట ఏమీ చెప్పకుండా 340 చేయండి. అక్కడ కొత్తవాళ్లు పెరిగినా అదే అర్థం. తగ్గితే లాభం చూడండి. 290లో మీకు 30 మిగులుతుందనుకుందాం, 20 లీటర్లకి 600. 340లో 80 మిగులుతుంది, 8 లీటర్లు అమ్మినా 640. అంటే సగానికి పైగా కస్టమర్లు పోయినా నష్టం లేదు, ఇన్నాళ్లూ తక్కువకి అమ్మారన్నమాట. సీసా, లేబుల్ మాత్రం అప్పుడే మార్చకండి. పండగ వారాలు లెక్కలోకి తీసుకోకండి.

శ్రీను_హెబ్బాళ్: ఇంత తతంగం ఎందుకు మాస్టారూ, చిన్న సీసాలో శాంపిల్ ఇస్తే సరి. వాసన చూస్తే తెలిసిపోతుంది.

పద్మ వైట్‌ఫీల్డ్: వాసనకి ఎసెన్స్ కలిపే రోజులివి. మీ గానుగ ఆడేటప్పుడు వీడియో పెట్టినా నేను సగమే నమ్ముతా.

కదిరి గానుగ: పేర్లు రాసుకోలేదు గానీ ఫోన్‌పే లిస్టులో పాతవాళ్లెవరో తెలుస్తుంది. పాతవాళ్లకి 290 ఉంచి, కొత్తవాళ్లకి 340 చెప్పొచ్చా?

పద్మ వైట్‌ఫీల్డ్: చెప్పండి. సాయంత్రానికల్లా మా వాట్సాప్ గ్రూపులో రెండు రేట్లూ పక్కపక్కనే ఉంటాయి.

లెక్కల మాస్టారు: అందుకే ఒక్కో అపార్ట్‌మెంట్‌కి ఒక్కటే రేటు అన్నాను.