ఆ 900 మంది కొలాబ్ వల్లే వచ్చారా?

తబలా77: నాకంటే బాగా పెద్ద ఛానల్‌లో గెస్టుగా కూర్చున్నా. ఆ వారం 900 మంది కొత్త సబ్‌స్క్రైబర్లు వచ్చారు. అందరూ ఆ కొలాబ్ వల్లే అనుకోవచ్చా?

రాత్రిబండి: ఇంకెవరివల్ల బ్రో. డౌటుంటే ఏ వీడియో నుంచి ఎంతమంది సబ్‌స్క్రైబ్ చేశారో యూట్యూబ్ స్టూడియోలో వీడియోవారీగా ఉంటుంది, చూస్కో.

మూడోకన్ను: అది మన వీడియోలకే ఉంటుందండీ. తబలా గారు కనిపించింది అవతలివాళ్ల ఛానల్లో, అక్కడ చూసినోళ్లు లింకు నొక్కి ఈయన ఛానల్ పేజీకొచ్చి సబ్‌స్క్రైబ్ చేస్తే ఏ వీడియో ఖాతాలోనూ పడరు. Subscription source తెరిచి ఛానల్ పేజీ అంకె చూడండి, అంతకుముందు నాలుగైదు వారాల సగటు పక్కన పెట్టండి.

తబలా77: చూశానండీ. మామూలు వారం మొత్తం 210, అందులో ఛానల్ పేజీ నుంచి 60. ఈ వారం 900లో ఛానల్ పేజీ నుంచే 430. ఇంకో 280 మంది పాత షార్ట్ ఒకటి ఉన్నట్టుండి లేచింది, దాన్నుంచి.

మూడోకన్ను: షార్ట్ వాళ్లకీ గెస్టుగా వెళ్లినదానికీ సంబంధం ఉన్నట్టు లేదు. 430లో 60 తీసేస్తే 370, నేనైతే ఇదే నమ్ముతా. మీ పేరు సెర్చ్‌లో కొట్టి నేరుగా వీడియో చూసి చేరినోళ్లు ఇందులో లేరు కాబట్టి అసలు అంకె కాస్త ఎక్కువే ఉండొచ్చు.

శ్రావ్య_ఎడిట్స్: నాది రివర్స్. నేనే గెస్టుని పిలిచా, మూడ్రోజులు ఎడిట్ చేశా, ఆ వీడియోకి డబుల్ వ్యూస్, తర్వాతి వీడియోకి మళ్లీ పాత వ్యూసే. ఆయన జనం ఆయన్ని చూసి వెళ్లిపోయారు, ఇప్పటికీ బాధగానే ఉంది.

రాత్రిబండి: వ్యూస్ వచ్చాయిగా, హిట్టే కదా!!

మూడోకన్ను: ఎవరి వ్యూస్ బాబూ? Suggested videos లోపలికెళ్తే ఏ వీడియో పక్క నుంచి వచ్చారో పేర్లతో సహా కనిపిస్తుంది. గెస్టు వీడియోల పక్క నుంచి వచ్చినోళ్లు ఎక్కువుండి, తర్వాతి మూడు వీడియోలకి రిటర్నింగ్ వ్యూయర్స్ పెరగకపోతే నిలిచింది ఎవరూ లేరనే.

రాత్రిబండి: ఇలా తీసేస్తూ పోతే ఎవడూ గెస్టుగా రాడు. నేను మా ఛానల్లో గెస్టులకి ఛార్జ్ చేస్తా, 900 వస్తే 900 నా వల్లే అని చెప్తా. షూటింగ్ ఖర్చు నాది, జనం నావాళ్లు, తబలా షార్ట్ కూడా ఆ కొలాబ్ వీడియో చూసి వెతికినోళ్ల వల్లే లేచిందేమో, కాదని నువ్వు చూపించగలవా?

మూడోకన్ను: షార్ట్ ట్రాఫిక్ ఎక్కడిదో చూస్తే తెలుస్తుంది. షార్ట్స్ ఫీడ్ నుంచే వచ్చుంటే కొలాబ్ ఖాతాలో వెయ్యలేం.

తబలా77: దాదాపు అంతా ఫీడ్ నుంచేనండీ. అసలు విషయం చెప్తా, రెండో ఎపిసోడ్‌కి ఆ పెద్ద ఛానల్ వాళ్లు డబ్బులడుగుతున్నారు, ఆ 900 చూపించే.

శ్రావ్య_ఎడిట్స్: అయితే 370కి మించి లెక్క కట్టకండి. ఆ వారం నుంచి వెళ్లిపోయినవాళ్ల అంకె కూడా చూడండి, అది మామూలుకంటే పెరిగితే ఇంకా తగ్గించాలి.

రాత్రిబండి: జనానికి పరిచయం చేసినందుకు రేటు, మిగిలినవాళ్లని లెక్కపెట్టి కాదు. నా మాట మారదు.

తబలా77: 28 రోజులయ్యాక అంకెలు పెడతా. అప్పటిదాకా డబ్బులివ్వను.