నక్షత్రాల గీతల ఫొటో: ఉత్తరమా, దక్షిణమా?

ఆల్బంపని: మూడు గంటలైంది, తల తిరుగుతోంది. బావగారు డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు తీసిన ఫొటోలు కలిసిపోయాయి, తేదీలు చెరిగిపోయాయి. ఒకదాంట్లో నక్షత్రాలు గుండ్రంగా గీతలు గీశాయి. ఇంకోటి సూర్యుడు కదిలిన దారిది, నాలుగు ఫొటోల వరస, ఏటవాలుగా ఉంది. ఏది ఎక్కడిది?

రాత్రిపక్షి: గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే దక్షిణార్ధగోళం. అంతే.

ఆల్బంపని: గీత ఒక్కటే కదండీ, ఎటు తిరిగిందో ఎలా తెలుస్తుంది?

పంచాంగంతాత: "గడియారం ముల్లు" అనకండి, సవ్యం, అపసవ్యం అనాలి. మన శాస్త్రంలో...

నీడకొలత: ఏ పేరైనా సరే, పూర్తయిన గీతలో దిశ కనిపించదు. పైగా హైదరాబాద్‌లోనే దక్షిణానికి తిరిగి చూస్తే నక్షత్రాలు ఎడమ నుంచి కుడికి, ముల్లు తిరిగినట్టే, వంపుగా పోతాయి. అక్కడ ఆ వలయాల కేంద్రం నేల కింద ఉంటుంది. మీ ఫొటోలో కేంద్రం నేల పైన ఉందా? దాని దగ్గర కాస్త ప్రకాశమైన చుక్క ఉందా?

ఆల్బంపని: పైనే ఉంది. మధ్యలో ఏమీ లేదు, ఖాళీ. నలభై నిమిషాలు తీశానని ఆయన అన్నట్టు గుర్తు.

నీడకొలత: నలభై నిమిషాలకు ఒక్కో గీత పది డిగ్రీల వంపు. ధ్రువనక్షత్రం కేంద్రానికి డిగ్రీ కన్నా తక్కువ దూరం, కాబట్టి గీత గీయకుండా దాదాపు చుక్కలాగే ఉండిపోతుంది. దక్షిణ ధ్రువం దగ్గర అంత ప్రకాశమైంది లేదు. ఖాళీ అంటే దక్షిణమే అనిపిస్తోంది, కానీ మబ్బు అడ్డొచ్చినా ఖాళీయే.

రాత్రిపక్షి: సూర్యుడు తేలిక. మధ్యాహ్నం దక్షిణాన ఉంటే ఉత్తరార్ధగోళం.

ఎండమావి: మా హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానే. మా సోలార్ ప్యానెల్ ఎటు పెట్టాలో చెప్పరా?

నీడకొలత: అది వేరే పోస్టు పెట్టండి. డల్లాస్, మెల్‌బోర్న్ రెండూ ఉష్ణమండలం బయటివే, ఆ చిక్కు వీటికి లేదు. సూర్యుడి ఏటవాలు ఎటు? ఉదయమా, సాయంత్రమా?

ఆల్బంపని: కింద ఎడమ నుంచి పైన కుడికి. వేళ తెలీదు. ఫైళ్లు నాలుగు, DSC_0412 నుంచి DSC_0415 వరకు. మొదటి దాంట్లోనే సూర్యుడు ఎత్తులో ఉన్నాడు.

నీడకొలత: ముందే చెప్పాల్సింది! కిందికి దిగుతున్నాడంటే సాయంత్రం. దిగుతూ ఎడమకి పోతే దక్షిణార్ధగోళం. డల్లాస్‌లో పడమటికి చూస్తే కుడికి దిగేవాడు. అదే గీత ఉదయంది అయితే డల్లాస్ అయ్యేది. ఫొటో అద్దంలోలా తిరగబడలేదు కదా? బోర్డుమీద అక్షరాలేమైనా ఉన్నాయా?

ఆల్బంపని: బండి నంబరు సరిగ్గానే చదవగలుగుతున్నా.

పంచాంగంతాత: బావగారినే అడిగితే పోయేది.

ఆల్బంపని: ఆయన యాభయ్యో పుట్టినరోజుకండీ, చెప్పకూడదు. సూర్యుడిది మెల్‌బోర్న్ పేజీలో అంటించేశా. నక్షత్రాలది పక్కన పెట్టా, ఇంకో ఫ్రేము దొరుకుతుందేమో వెతుకుతా. థాంక్సండీ.

ఎండమావి: మరి నా ప్యానెల్?