రిజెక్ట్ చేశాక ఫీడ్‌బ్యాక్ అడుగుతూ హెచ్.ఆర్.కి మెయిల్ పెట్టాలా, వద్దా?

ఆమదాలవలస_కెమిస్ట్రీ:
ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో ట్రైనీ పోస్టుకి వెళ్లాను. రాత పరీక్ష, టెక్నికల్ రౌండ్ రెండూ అయ్యాయి. నిన్న `noreply@` అని మొదలయ్యే అడ్రసు నుంచి "ఈసారి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోయాం" అని వచ్చింది. కారణం అడుగుతూ హెచ్.ఆర్. మేడమ్‌కి చిన్న మెయిల్ పెడతానంటే నాన్న వద్దంటున్నారు, బతిమాలుకున్నట్టు ఉంటుందట. మీరేమంటారు?

బొబ్బిలి_బాబాయ్:
మీ నాన్న చెప్పిందే సరైన మాట తల్లీ. ఆ మేడమ్‌కి రోజూ ఎన్ని రెజ్యూమెలు వస్తాయో! నీ మెయిల్ తెరిచి చూసే తీరికే ఉండదు. చూసినా అసలు కారణం రాసివ్వరు, రేపు ఎవరైనా అది పట్టుకుని కేసు వేస్తారని భయం. "మీకంటే తగినవారు దొరికారు" అని ఒక ముక్క పడేస్తారు. దానికోసం ఎదురుచూస్తూ టెన్షన్ పడటం ఎందుకు? వేరే కంపెనీకి అప్లై చేసుకో.

రాజాం_రిక్రూటర్:
బాబాయ్ గారూ, రాసివ్వడానికి వెనకాడతారన్నది నిజమే. కానీ ప్లాంట్లకి మనుషుల్ని తీసుకునే పని చాలాకాలంగా చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, చాలాసార్లు జవాబు రాకపోవడానికి కారణం భయం కాదు. అడిగిన ప్రశ్నకి జవాబు హెచ్.ఆర్. దగ్గర ఉండదు.

చెల్లీ, నువ్వు ఏ దశలో ఆగావన్నది ముందు చూడు. రెజ్యూమె దగ్గరే పోయిందనుకో, పాసైన సంవత్సరం, పర్సంటేజీ లాంటి జల్లెడలోనే పోయి ఉండొచ్చు, ఏ మనిషీ చదివి ఉండకపోవచ్చు. అప్పుడు మెయిల్ పెట్టినా చెప్పడానికి ఏమీ ఉండదు. నువ్వు టెక్నికల్ రౌండ్ దాకా వెళ్లావు. అక్కడ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు మూల్యాంకన షీటు నింపి సంతకం పెడతారు, కింద రిమార్కు గడి ఉంటుంది. నీకు కావలసింది ఆ రిమార్కు. హెచ్.ఆర్.కి కెమిస్ట్రీ తెలియకపోయినా ఆ గడిలో ఉన్నది చూసి టైప్ చేయగలదు.

అందుకే "నన్నెందుకు తీసుకోలేదు" అని అడగకు. అలా అడిగితే కంపెనీ నిర్ణయాన్ని ఆవిడ సమర్థించుకోవాల్సి వస్తుంది, దానికి పైవాళ్లని అడగాలి, అంతటితో ఆ మెయిల్ పక్కకి పోతుంది. "దేంట్లో మెరుగుపడాలి" అంటే ఆవిడే ఒక వాక్యం రాసెయ్యొచ్చు.

ఇంకో సంగతి. నిన్న వచ్చిన మెయిల్‌కి రిప్లై కొట్టకు, ఆ అడ్రసుకి పంపినవి ఎవరూ చూడరు. ఇంటర్వ్యూకి రమ్మని పిలిచిన మెయిల్ వెతికి, దానికే రిప్లై ఇవ్వు. పోస్టు పేరు, తేదీ అన్నీ కిందే కనిపిస్తాయి, నువ్వెవరో ఆవిడ వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

> నమస్తే మేడమ్. క్యూసీ ట్రైనీ ఇంటర్వ్యూకి పిలిచినందుకు, ఫలితం తెలిపినందుకు ధన్యవాదాలు. ఇలాంటి పోస్టులకే మళ్లీ అప్లై చేస్తున్నాను. టెక్నికల్ రౌండ్‌లో ప్యానెల్‌కి నాలో లోటుగా కనిపించిన అంశం ఒకటి ఉంటే, వీలైనప్పుడు ఒక్క వాక్యంలో చెప్పగలరా? కుదరకపోయినా పర్వాలేదు. మీ కంపెనీలో మళ్లీ అవకాశం ఉంటే తప్పకుండా అప్లై చేస్తాను.

కింద పేరు, ఫోన్ నంబరు. రెజ్యూమె మళ్లీ అటాచ్ చేయకు, చేస్తే ఉద్యోగమే మళ్లీ అడుగుతున్నావనుకుంటారు.

విజయనగరం_కోట:
ఇంత బతిమాలడం ఏటండీ? ఒక ప్రభుత్వ పరీక్షలో నాకు పోస్టు రాకపోతే ఆర్టీఐ వేసి మార్కులు తెప్పించుకున్నాను. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నువ్వూ హక్కుగా అడుగమ్మా.

రాజాం_రిక్రూటర్:
మీది ప్రభుత్వ నియామకం కాబట్టి కుదిరింది సార్. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థలకి, ప్రభుత్వ నిధులతో నడిచేవాటికి వర్తిస్తుంది. ప్రైవేటు ఫార్మా కంపెనీ ఆ షీటు చూపించి తీరాలని దాని కింద అడగలేం. ఇక్కడ వాళ్లు ఇష్టపడితేనే చెప్తారు.

రణస్థలం_క్యూసీ:
నేను ప్యానెల్‌లో కూర్చునేవాణ్ణి. ఆ రిమార్కు ఎందుకు పనికొస్తుందో ఒక కుర్రాడి సంగతి చెప్తాను.

అతన్ని అడిగిన ప్రశ్న ఇది: ఒక మందుకి అస్సే లిమిట్ 98.0 నుంచి 102.0 శాతం. హెచ్.పి.ఎల్.సి.లో నీకు 97.1 వచ్చింది. ఏం చేస్తావు? "శాంపిల్ మళ్లీ తయారు చేసి ఇంజెక్ట్ చేస్తాను సార్" అన్నాడు. కాలేజీ ల్యాబ్‌లో ఎవరైనా అదే చేస్తారు. ప్లాంటులో ఆ మాట వింటే మేం ఉలిక్కిపడతాం, ఎందుకంటే పాసయ్యేదాకా టెస్టు చేసుకుంటూ పోవడమే ఆడిట్లలో పెద్ద తప్పు. వచ్చిన రిజల్టు అలాగే ఉంచి, ద్రావణాలు పారబోయకుండా సూపర్‌వైజర్‌కి చెప్పాలి. లిమిట్ బయట పడ్డ రిజల్టు, అంటే ఓఓఎస్ అని నమోదు చేయాలి. తర్వాత తూకం, డైల్యూషన్, లెక్క, స్టాండర్డ్, సిస్టమ్ సూటబిలిటీ ఒక్కొక్కటీ చూడాలి. ల్యాబ్‌లో తప్పు జరిగిందని ఆధారం దొరికితేనే ఆ రిజల్టు కొట్టేయొచ్చు. అతనికి ఇదేం తెలియదు, మిగతావన్నీ బాగా చెప్పాడు.

తర్వాత అతను హెచ్.ఆర్.కి మెయిల్ పెట్టాడు. ఆవిడ నన్నడిగి "ఓఓఎస్ ప్రొసీజర్, డేటా ఇంటెగ్రిటీ మీద అవగాహన పెంచుకోవాలి" అని రాసింది. అంతే, ఒక్క లైను. ఓఓఎస్ మీద అమెరికా ఎఫ్.డి.ఎ. గైడెన్స్ ఉంది, 2006లో వచ్చింది, 2022లో సవరించారు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అతను అది చదివాడు. తర్వాత వేరే ప్లాంటులో చేరాడు. మెయిల్ వల్లే చేరాడని అనను, ఆ ఇంటర్వ్యూలో కూడా అలాంటి ప్రశ్నే వచ్చిందని మాత్రం చెప్పాడు.

ఆ లైను రాకపోయుంటే అతను మళ్లీ క్రొమటోగ్రఫీ థియరీయే బట్టీ పట్టేవాడు. బాబాయ్ గారూ, అడగడంలో చిన్నతనం ఏముంది చెప్పండి?

బొబ్బిలి_బాబాయ్:
ఆ మేడమ్ మిమ్మల్ని అడిగింది కాబట్టి సరిపోయింది. అందరూ అడుగుతారా? కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లకైతే ఆ కన్సల్టెన్సీకే ఏమీ తెలియదు. మావాడికి అదే జరిగింది, ఏజెంటు తోచిందేదో చెప్పాడు, "ఇంగ్లీషు బాలేదు" అని. వాడు కోచింగ్‌కి డబ్బు పోశాడు. తప్పుడు ఫీడ్‌బ్యాక్ కంటే ఏమీ రాకపోవడమే నయం.

రణస్థలం_క్యూసీ:
ఆ మాట ఒప్పుకుంటాను. "కమ్యూనికేషన్", "తగినవారు కారు" లాంటి ముక్కలొస్తే వాటి మీద డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఒక టాపిక్ పేరో, ఒక ప్రశ్న పేరో ఉంటేనే అది ప్యానెల్ నుంచి వచ్చిందని నమ్మొచ్చు.

ఆమదాలవలస_కెమిస్ట్రీ:
థాంక్స్ అండీ. నన్ను కూడా టైలింగ్ ఎక్కువైతే ఏం చేస్తావని అడిగారు, కాలమ్ మారుస్తానన్నాను. సార్ మొహం మారింది. అది కూడా మెయిల్‌లో రాసి, సరైన జవాబు ఏమిటని అడగనా?

రాజాం_రిక్రూటర్:
రాయకు. అది రాస్తే హెచ్.ఆర్.కి అర్థం కాదు, ఇంటర్వ్యూ మీద వాదన మొదలుపెట్టినట్టు ఉంటుంది. వచ్చిన జవాబు నీకు అన్యాయంగా అనిపించినా "ధన్యవాదాలు, దీనిమీద పని చేస్తాను" అని ఆపెయ్.

రణస్థలం_క్యూసీ:
ఆ ప్రశ్న ఇక్కడే అడుగమ్మా. కాలమ్ చివర్లో ఆలోచించాలి. మొదట మొబైల్ ఫేజ్ పీహెచ్ సరిగ్గా కలిపారా, శాంపిల్ కరిగించిన సాల్వెంట్ మరీ బలంగా ఉందా, ఇంజెక్ట్ చేసింది ఎక్కువైందా చూడాలి. కాలమ్ ఖరీదైనది, పైగా కారణం తెలియకుండా మార్చామంటే రికార్డులో ఏం రాస్తాం?

మెయిల్‌కి వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయొచ్చని నా అభిప్రాయం. లేదంటే ప్యానెల్‌లో ఉన్న సార్‌కే లింక్డిన్‌లో రాసినా తప్పులేదు, నాకు రాస్తే నేను చెప్తాను.

రాజాం_రిక్రూటర్:
గుర్తు చేయడం వరకు సరే సార్, లింక్డిన్ మాత్రం నేనొప్పుకోను. మీరు చెప్తారు, ఇంకొకాయన నన్ను దాటి వచ్చారేంటని హెచ్.ఆర్.కి ఫిర్యాదు చేస్తారు. అలాంటివి నా దగ్గరికి వచ్చాయి.

రణస్థలం_క్యూసీ:
రిమార్కు రాసింది మేమే కదండీ. కెమిస్ట్రీ సంగతి మమ్మల్ని కాకుండా ఎవర్ని అడుగుతారు?

ఆమదాలవలస_కెమిస్ట్రీ:
ఇంటర్వ్యూ కాల్ వచ్చిన మెయిల్‌కే ఇప్పుడు రిప్లై పంపాను. లింక్డిన్ జోలికి వెళ్లలేదు. ఓఓఎస్ గైడెన్స్ డౌన్‌లోడ్ చేశాను సార్. అందులో ఫేజ్ 1, ఫేజ్ 2 అని ఉన్నాయి, ట్రైనీ స్థాయికి ఫేజ్ 1 చాలా?