అప్‌డేట్: పసుపు లైటు లైన్‌కి పిల్లలు ఉరకడం ఆగింది

నేను అడిగింది: "హన్మకొండలో నర్సరీ చెప్తాను. సిగ్నల్ రైమ్‌లో 'పసుపు అంటే రెడీ' అనగానే పిల్లలు ఉరుకుతున్నారు. ఏం మార్చాలి?"

మీరు చెప్పినట్టే 'రెడీ' తీసేశాను. మన రోడ్ల మీద పసుపు వచ్చేది పచ్చ తర్వాత, ఎరుపుకు ముందు. అంటే అది ఆగడానికి సూచన. అందుకే వరుస కూడా మార్చాను:

పచ్చ లైటు వెలిగింది, బండి ముందుకు కదిలింది
పసుపు లైటు వెలిగింది, బండి మెల్లగ నడిచింది
ఎర్ర లైటు వెలిగింది, బండి టక్కున ఆగింది

పచ్చకి స్టీరింగ్ తిప్పుతూ నడక. పసుపుకి రెండు అరచేతులు కిందికి నొక్కుతూ చిన్న చిన్న అడుగులు. ఎరుపుకి చెయ్యి ముందుకు చాచి, కాళ్లు దగ్గర పెట్టి నిలబడాలి. పసుపు లైన్‌ను నేనే సాగదీసి పాడతాను. దాంతో అడుగులు వాటంతటవే నెమ్మదిస్తున్నాయి.

ఒక చిక్కు మిగిలింది. కొందరు రంగు చూడకుండా పాట వరుసను బట్టి ఆడుతున్నారు. పాడకుండా పచ్చ తర్వాత నేరుగా ఎర్ర అట్ట చూపిస్తే తెలిసిపోయింది, వాళ్లు చిన్న అడుగులు వేశారు! ఇప్పుడు పాట అయ్యాక అట్టలతో మౌనంగా ఆడిస్తున్నాను.

'బండి' అన్న మాట కావాలనే ఉంచాను. బండ్లకు పచ్చ పడితే పిల్లలు దాటకూడదు. నడిచే మనిషి బొమ్మ పచ్చగా వెలిగినప్పుడే, అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని దాటాలని విడిగా నేర్పుతున్నాను.