"తీసుకోండి, కలపండి" అని ఉన్న మాన్యువల్‌ని రిపోర్టులో ఎలా రాయాలి?

హరిత: అందరికీ నమస్కారం. మాది బీఎస్సీ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టు రిపోర్టు తెలుగులో రాస్తున్నాం. మా వీధుల్లో బోరు నీళ్ళ కాఠిన్యత ఎంతుందో ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచాం. "ప్రయోగ విధానం" రాసి ఇస్తే మా గైడ్ సార్ "ఇది మాన్యువలే కదమ్మా, నువ్వు రాసిందేది" అని తిప్పి పంపారు. మాన్యువల్లో ఇలా ఉంది: "బ్యూరెట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఈడీటీఏ ద్రావణంతో కడగండి. పిపెట్‌తో 20 మి.లీ. నీటిని కోనికల్ ఫ్లాస్క్‌లోకి తీసుకోండి. 2 మి.లీ. బఫర్ కలపండి. 2-3 చుక్కల ఇండికేటర్ వేయండి. ద్రాక్ష ఎరుపు రంగు నీలంగా మారేవరకు టైట్రేట్ చేయండి. ఒకే రీడింగ్ వచ్చేవరకు మళ్ళీ చేయండి." నేను "కడగబడినది, తీసుకొనబడినది, కలపబడినది" అని మార్చా. ఇంకేం మార్చాలో అర్థం కావట్లేదు, చేసింది అదే కదా మరి.

రవికాంత్: క్రియలు మార్చావు సరే, నామవాచకాలు కూడా మార్చు. పిపెట్‌కి "పీల్చు గొట్టం", ఫ్లాస్క్‌కి "శంఖాకార కూజా", కలపడానికి "మిశ్రమం చేయడం" అను. పదాలు వేరైతే కాపీ కిందికి రాదు. అంత కష్టమేం కాదు.

సుబ్బలక్ష్మి: రవికాంత్ గారూ, క్రియ మారాలన్నంతవరకు మీ మాట నిజమే, ఆజ్ఞార్థకంలో ఉన్నదాన్ని భూతకాలంలోకి తేవాల్సిందే. కానీ పిపెట్‌ని పీల్చు గొట్టం అంటే ల్యాబులో ఎవరికీ అర్థం కాదు, పైగా వాక్యాల వరస అలాగే ఉంటే పదాలెన్ని మార్చినా అది మాన్యువలేనని చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను, ఇలాంటి రికార్డులు దిద్దీ దిద్దీ ఉన్నదాన్ని. హరితా, మాన్యువల్ మూసేసి నేనడిగేవాటికి జవాబు చెప్పమ్మా. నీళ్ళు ఎక్కడివి, ఎలా పట్టారు? ఈడీటీఏ ఎంత తూచారు, దాని బలం ఎంతొచ్చింది? ఏ నమూనాకి ఎన్నిసార్లు చేశారు? మాన్యువల్లో చెప్పినట్టు కాకుండా ఎక్కడైనా వేరేగా చేశారా?

వెంకట్: మా ఇంట్లో ఆర్‌వో పెట్టించాక టీడీఎస్ మీటర్‌లో 60 చూపిస్తోంది, అది మంచిదేనా అండీ? కాఠిన్యత అన్నా టీడీఎస్ అన్నా ఒకటే కదా?

సుబ్బలక్ష్మి: ఒకటి కాదండీ. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగినవన్నీ, కాఠిన్యత అంటే ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. మీ ప్రశ్న విడిగా పోస్టు పెట్టండి, ఇక్కడ ఈ అమ్మాయి పని కానిద్దాం.

హరిత: మేడమ్, మోటారు ఐదు నిమిషాలు వదిలేసి ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో పట్టాం, మర్నాడు పొద్దున్నే చేశాం. ఈడీటీఏ డైసోడియం సాల్ట్ 3.72 గ్రాములు తూచి లీటరు చేశాం. 0.01 మోలార్ కాల్షియం ద్రావణం 20 మి.లీ.కి అది 20.4 మి.లీ. పట్టింది, అంటే 0.0098 వచ్చింది. ఒక్కో నమూనాకి మూడుసార్లు చేశాం. వేరేగా చేసింది ఒకటుంది. వీధి చివర బోరు నీళ్ళతో 20 మి.లీ. తీసుకుంటే నీలం వచ్చినట్టే వచ్చి కాసేపట్లో మళ్ళీ ఎర్రబడిపోయింది. ల్యాబ్ అసిస్టెంట్ అన్న చెప్తే ఆ నీళ్ళు 10 మి.లీ.యే తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 50 చేసి చేశాం, అప్పుడు నీలం నిలిచింది, 8.6 మి.లీ. పట్టింది. కానీ మాన్యువల్లో 20 ఉంది కదా, రిపోర్టులో 10 అని రాయొచ్చా?

సుబ్బలక్ష్మి: రాయొచ్చా అని కాదు, రాసి తీరాలి. నీ రిపోర్టులో మాన్యువల్లో లేని ముక్క అదే. అంత కఠినమైన నీళ్ళకి బఫర్ వేసి పీహెచ్ 10కి తెచ్చి నెమ్మదిగా టైట్రేట్ చేస్తూ కూర్చుంటే కొంచెం కాల్షియం కార్బొనేట్‌గా విడిపోతుంది, అది తర్వాత మెల్లగా కరిగి రంగుని వెనక్కి లాగుతుంది. అందుకే పలచన చేసి, బఫర్ వేశాక ఐదు నిమిషాల్లోపు ముగించాలంటారు. ఇక లెక్క చూడు. 8.6 ని 0.0098 తోనూ లక్షతోనూ గుణించి 10 తో భాగిస్తే లీటరుకి 843 మి.గ్రా. వస్తుంది. విధానంలో 20 అని ఉంటే చదివేవాళ్ళు 20 తో భాగిస్తారు, 421 వస్తుంది. నీ ఫలితాల పట్టికలో 843 ఉంటుంది. ఏది నమ్మాలి వాళ్ళు?

మాన్యువల్ ఇంకా చేయబోయేవాళ్ళకి చెప్తుంది కాబట్టి అందులో "2-3 చుక్కలు" ఉంటుంది, "వచ్చేవరకు" ఉంటుంది. నువ్వు చేసేశావు కాబట్టి నీ దగ్గర ఒక అంకె ఉండాలి. మూడు చుక్కలు వేస్తే మూడు అను. "ఒకే రీడింగ్ వచ్చేవరకు" అన్నచోట మూడుసార్లు చేశాం, రీడింగుల మధ్య తేడా 0.1 మి.లీ. దాటలేదు అని రాయి, నిజంగా దాటకపోతేనే సుమా. వరస కూడా మాన్యువల్‌ది వద్దు. ముందు నీళ్ళ సంగతి, తర్వాత ద్రావణాలు, ఆపైన టైట్రేషన్, చివర్లో మార్పు. నేనైతే ఇలా రాస్తాను:

"ప్రతి బోరు దగ్గరా మోటారు ఐదు నిమిషాలు నడిచాక ఒక లీటరు సీసాలో నీళ్ళు పట్టి, మర్నాడు ఉదయం పరీక్షించాం. మొత్తం కాఠిన్యతను కళాశాల మాన్యువల్లోని ఈడీటీఏ పద్ధతిలో కొలిచాం. వాడిన ఈడీటీఏ ద్రావణం గాఢత, ప్రమాణ కాల్షియం ద్రావణంతో సరిచూస్తే 0.0098 మోలార్ వచ్చింది. 20 మి.లీ. నమూనాకు 2 మి.లీ. అమోనియా బఫర్, మూడు చుక్కల ఎరియోక్రోమ్ బ్లాక్ టి చేర్చి, ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చినచోట టైట్రేషన్ ఆపాం. వీధి చివరి బోరు నీటిలో నీలం నిలవనందున 10 మి.లీ. నమూనాను 50 మి.లీ.కి పలచన చేసి కొలిచాం. ప్రతి నమూనాకూ మూడు రీడింగుల సగటు తీసుకున్నాం."

ప్రసాద్: బాగుంది మేడమ్, కానీ బ్యూరెట్ కడగడం ఏమైపోయింది? నీళ్ళ తడి మీదే ఈడీటీఏ పోస్తే ద్రావణం పలచబడి రీడింగ్ పెరుగుతుంది. మా కాలేజీలో ఆ లైను రాయకపోతే మార్కులు కోసేవారు.

సుబ్బలక్ష్మి: రికార్డు పుస్తకంలో రాయాలండీ, అక్కడ పిల్లకి పని వచ్చో లేదో చూస్తారు. ప్రాజెక్టు రిపోర్టులో అది అందరూ చేసేదే, రాయక్కర్లేదని నా ఉద్దేశం.

ప్రసాద్: బీఎస్సీ వాళ్ళకి రెండిటికీ అంత తేడా ఉంటుందనుకోను. నేనైతే ఒక వాక్యం ఉంచమంటాను.

శేషగిరి: నాకు వేరే సందేహం. "కొలిచాం, పట్టాం" అని శాస్త్ర రచనలో రాయడం తేలికగా లేదా? "కొలవబడినది" అంటే నిండుగా ఉంటుంది. పాఠ్యపుస్తకాలు అలాగే ఉండేవి మా రోజుల్లో.

అనూరాధ: శేషగిరి గారూ, "బడు" పుస్తకాల్లోనే కనిపిస్తుంది గానీ మాట్లాడేటప్పుడు ఎవరం వాడం. "మేం" అనడం ఇష్టం లేకపోతే "బడు" ఒక్కటే దిక్కు కాదు, వస్తువునే కర్తగా పెట్టొచ్చు. 10 మి.లీ. నమూనాకి ఈడీటీఏ 8.6 మి.లీ. పట్టింది, రంగు నీలానికి మారింది, గాఢత 0.0098 వచ్చింది. ఇందులో ఎక్కడా మేం లేం, బడులూ లేవు. హరిత పైన మామూలుగా చెప్పినప్పుడు "8.6 పట్టింది" అనే రాసింది చూడండి, రిపోర్టు అనేసరికి "కలపబడినది"లోకి వెళ్ళిపోయింది.

శేషగిరి: పట్టింది, మారింది బాగానే ఉన్నాయి. కానీ సీసాలో నీళ్ళు వాటంతటవే పట్టుకోవు కదా, అక్కడ ఏం చేస్తారు?

అనూరాధ: అక్కడ "పట్టాం" అనే అంటాను, పట్టింది వాళ్ళే కదా.

రవికాంత్: మేడమ్, ఒక మాట. మీరు రాసినదాంట్లోనూ "మూడు చుక్కల ఇండికేటర్", "20 మి.లీ. నమూనా" మాన్యువల్లో ఉన్నవే కదా. సాఫ్ట్‌వేర్‌లో పెడితే అవి పట్టుకుంటుందేమో.

సుబ్బలక్ష్మి: పట్టుకుంటే పట్టుకోనివ్వండి. 20 మి.లీ.ని ఇంకోలా చెప్పలేం, దాని కోసం పీల్చు గొట్టాలు తేనక్కర్లేదు. పద్ధతి ఎక్కడిదో పేరు చెప్పాం, మిగతా వాక్యాలు మనవి. హరితా, మీ మాన్యువల్ పేరు, ప్రయోగం నంబరు ఆ రెండో వాక్యంలోనే ఒకసారి ఇస్తే చాలు. ఈ పద్ధతికి భారతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 3025 పార్ట్ 21. కానీ మీరు దాన్ని చూసి చేయలేదు కాబట్టి ఆ పేరు పెట్టొద్దు.

హరిత: థాంక్యూ మేడమ్. నేను రాసింది మళ్ళీ చూస్తే మూడు రీడింగుల్లో రెండో బోరుది 0.3 తేడా ఉంది, దానికి "0.1 దాటలేదు" అని రాయలేను కదా. రేపు ల్యాబ్ ఖాళీగా ఉందేమో కనుక్కుని సీసాలో మిగిలిన నీళ్ళతో ఇంకోసారి చేయనా?

సుబ్బలక్ష్మి: ఆ సీసా ఎన్నాళ్ళనుంచి ఉంది? యాసిడ్ వేయకుండా వారాలు ఉంచి ఉంటే కాల్షియం కొంత గోడలకి పట్టేసి ఉంటుంది. కొత్త నీళ్ళు పట్టి చేయి, తేదీ మాత్రం వేరేగా రాయి.

శేషగిరి: "రాయబడవలెను" అనలేదు చూశారా మేడమ్ కూడా. సరే, "పట్టాం"కి ఒప్పుకుంటున్నా, "కొలిచాం" దగ్గర ఇంకా ఆలోచిస్తున్నా.