ప్రసంగాల ఎంపికలో మార్కుల తేడాను సరిచేసేదెలా?

తిరుపతిలో జరిపే మా డెవలపర్ల మీటప్‌కు ప్రసంగ ప్రతిపాదనలు కోరుతూ ప్రకటన రాస్తున్నాము. వెబ్, డేటాబేస్‌లు, మొబైల్ యాప్‌లు, తెలుగు టెక్స్ట్ ప్రాసెసింగ్ అనే అంశాలు, నెలాఖరు ఆదివారం రాత్రి 11.59 గంటల గడువు ఖాయమయ్యాయి. ఎంపిక విధానం దగ్గరే ఆగిపోయాము.

గతసారి 18 ప్రతిపాదనలు రాగా, పేర్లు దాచి, ఒక్కోదాన్ని నలుగురు పరిశీలకులలో ఇద్దరు చొప్పున చదివి 5కు మార్కులు వేశారు. సగటును బట్టి ఆరింటిని తీసుకున్నాము. అయితే ఒక పరిశీలకుడు ఎవరికీ 3 దాటించలేదు, మరొకరు 4కు తగ్గలేదు. దానితో మొదటి వ్యక్తికి అన్నింటికన్నా నచ్చిన తెలుగు పదాల వెతుకులాట ప్రసంగం 3 దగ్గర ఆగిపోగా, రెండో వ్యక్తి మామూలుగా ఉందన్న డేటాబేస్ ఇండెక్సుల ప్రసంగం 4తో ఎంపికైంది.

ఆ మార్కులనే తీసుకొని, ప్రతి మార్కు నుంచి ఆ పరిశీలకుడి సగటును తీసివేసి చూశాము. ఒక్కొక్కరు చదివినవి తొమ్మిదే కనుక, నిజంగానే మంచి ప్రతిపాదనలు ఎవరి వాటాకు ఎక్కువ వచ్చాయో వారి జాబితా అంతా అన్యాయంగా కిందికి జారింది. ఏ మార్కుకు ఏమి అర్థమో రాసి ఇచ్చి మళ్లీ వేయించినా కఠినంగా వేసేవారు అలాగే వేశారు. నలుగురూ అన్నీ చదవవచ్చు గానీ, ఊరు చిన్నది. తమ ఆఫీసువారి ప్రతిపాదన వస్తే పరిశీలకుడు తప్పుకోవాలి, అప్పుడు మళ్లీ ఖాళీలు ఏర్పడతాయి.

ఇంత తక్కువ ప్రతిపాదనలకు, కొందరు కొన్నింటి నుంచి తప్పుకున్నా న్యాయంగా నిలిచేలా, మార్కులకు బదులు వరుస క్రమం ఇప్పించడం మేలా, లేక మార్కులనే ఉంచి సరిచేసే పద్ధతి ఏదైనా మీరు వాడి చూశారా?