వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూర పూర్తిగా మానాలా?

గుత్తి_భాస్కర్
మాయమ్మకు గుండెలో మైట్రల్ చోట లోహపు వాల్వ్ వేసి 4 ఏళ్లు. రక్తం గడ్డకట్టకుండా రాత్రిపూట వార్ఫరిన్ 5 మి.గ్రా. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ 2.8 దగ్గరే ఉండేది, నిన్న 4.6 వచ్చింది. ఎవరో చెబితే 3 వారాల కిందట ఆకుకూర పూర్తిగా మానేసింది. మోకాళ్ల నొప్పికి 10 రోజులుగా పారాసిటమాల్ 650 మూడు పూటలా వేసుకుంటాంది. దేనివల్ల పెరిగినట్టు?

పెన్నా_తీరం
ఆకుకూర మానడం మంచి పనే, విటమిన్ కె ఆ మందుకు పగ. పారాసిటమాల్ అయితే వార్ఫరిన్ వాళ్లకు అందరూ రాసేదే. ల్యాబు తప్పయ్యుంటాది, ఇంకో చోట చేయించండి.

తుంగభద్ర78
ల్యాబు తప్పని కూర్చోవద్దు. భాస్కర్, ఈ పూటే వాల్వ్ చూసే డాక్టరుకు 4.6 అని ఫోన్ చెయ్యండి. రాత్రి మాత్ర ఆపాలో తగ్గించాలో ఆయన చెప్పాలి. మీ అంతట మీరే నాలుగైదు రోజులు ఆపేస్తే వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. విరేచనం నల్లగా తారులా అయినా, ముక్కు రక్తం ఆగకపోయినా, పడి తలకు దెబ్బ తగిలినా ఫోన్లు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పోండి.

కారణం రెండూ. రక్తం గడ్డకట్టించే పదార్థాలు చేయడానికి లివరుకు విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను మళ్లీ పనికి రానివ్వకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. అమ్మకు 5 మి.గ్రా. కుదిరింది తోటకూర పప్పు తినే రోజుల్లో. కూర ఆగి మాత్ర అట్లే ఉంటే మందు ఎక్కువైనట్టే. దాని మీద 650 మూడంటే 1950, దగ్గర దగ్గర 2 గ్రాములు. ఎప్పుడో ఒకటి రెండు వేసుకుంటే ఏం కాదు, ఆ లెక్కన వరసగా రోజులు పోతే ఐఎన్ఆర్ ఎక్కుతుంది.

పాతూరు_వీధి
మా నాయన వార్ఫరిన్ జాతిదే అసిట్రామ్ వాడతాడు. నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే ఐఎన్ఆర్ కొంచెం కూడా కదల్లేదు. అదే మేలు కదన్నా?

తుంగభద్ర78
కాదు, చాలా ప్రమాదం. డైక్లో చేసే చేటు ఐఎన్ఆర్‌లో కనబడకపోవచ్చు. అది కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది, ప్లేట్‌లెట్లను పని చేయనివ్వదు. రిపోర్టు 2.8 అనే చూపిస్తుంది, లోపల పుండు నుంచి రక్తం కారుతుంటుంది. షాపులో విడిగా కట్టిచ్చే నొప్పి మాత్రల్లో ఎక్కువగా ఈ జాతి మందే ఉంటుంది, పేరు చదవకుండా తీసుకోవద్దు. మోకాళ్లకు పారాసిటమాలే ముందు, కానీ డాక్టరు చెప్పిన తక్కువ మోతాదులో. రోజూ వాడాల్సి వస్తే వారంలోపే ఐఎన్ఆర్ చూపించాలి.

పెన్నా_తీరం
నేను చెప్పింది ఆకుకూర మాట. అది మానితే తప్పేముంది? మోతాదు తగ్గిస్తే సరిపోతాది కదా.

తుంగభద్ర78
తగ్గించిన మోతాదు మీద పెళ్లింట్లో రెండు రోజులు పాలకూర తింటే? ఒంట్లో విటమిన్ కె నిల్వ తక్కువ ఉన్నవాళ్లకు చిన్న మార్పుకే ఐఎన్ఆర్ ఊగుతుంది. మైట్రల్ లోహపు వాల్వ్‌కు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. కిందికి జారి గడ్డ కడితే ఆయాసం వస్తుంది, రోజూ వినబడే వాల్వ్ టిక్ టిక్ మందగిస్తుంది. మీలాంటి సలహాకే భాస్కర్ వాళ్లమ్మ 4.6 దాకా వచ్చింది.

పెన్నా_తీరం
నా మీద పడతారెందుకు? మాలాగా మందుల షాపు కౌంటర్లో కూర్చుని చూడండి. "ఎప్పుడూ ఒకే లెక్కన తినండి" అంటే ఎవరికి ఎక్కుతాది? వాన పడితే చేలో ఆకు ఊరికే దొరుకుతాది, వారమంతా సంగట్లోకి అదే. ఎండాకాలం కట్ట కొనేవాళ్లే లేరు. "తినొద్దు" అంటే ఒక్క మాట, గుర్తుంటాది. మీ మాట నిజమే కావచ్చు, ఇంట్లో నిలవదు.

తుంగభద్ర78
ఈ మాట మొదటే అనుంటే ఇంత గొడవ లేదు. నిలవడం కష్టమే, ఒప్పుకుంటా. అందుకే లెక్క చిన్నదిగా పెట్టాలి: వారానికి 3 రోజులు, రోజుకు ఒక చిన్న గిన్నె, ఆకు ఏదైనా సరే. సీజన్ మారితే ఐఎన్ఆర్ ఒకసారి ముందుగా చూపించాలి.

పెన్నా_తీరం
మూడు రోజులు లెక్కపెట్టేవాళ్లుంటే చూపించండి.

గుత్తి_భాస్కర్
డాక్టరు ఈ రాత్రి మాత్ర ఆపి, రేపటి నుంచి పాత మోతాదే వేసి, 4వ రోజు ఐఎన్ఆర్ చేయించమన్నారు. పారాసిటమాల్ రోజుకు ఒకటికి తగ్గించారు. ఇంకొకటి అడగాల. మోకాళ్లకని మా అత్త మునగాకు పొడి డబ్బా పంపింది. అది ఆకుకూర కాదు కదా అని అమ్మ రేపట్నుంచి రెండు పూటలా అన్నంలో కలుపుకుంటానంటాంది.

తుంగభద్ర78
అది ఎండిన ఆకే, చెంచాలో గుప్పెడు ఆకు ఉంటుంది. 4వ రోజు రిపోర్టు వచ్చేదాకా డబ్బా తెరవనివ్వొద్దు. ఆ తర్వాత డాక్టరుకు డబ్బా చూపించే మొదలుపెట్టాలి. పెన్నా అన్నా, చూశారా, "ఆకుకూర తినొద్దు" అన్న మాట వాళ్లింట్లో పొడికి వర్తించలేదు.

పెన్నా_తీరం
పొడి సంగతి నాకూ తట్టలేదు. రేపట్నుంచి షాపులో అడుగుతా.